మాట ముందుకు, సంగీతం వెనక్కి

వయసు మళ్లినవారు టీవీ ముందు కూర్చుని తరచూ ఒక మాట అంటారు: ‘గొంతు వినిపిస్తోంది కానీ ఏమంటున్నాడో తెలియడం లేదు.’ చెవి వైద్యులకు ఇది రోజూ వినే ఫిర్యాదే. ఇంట్లోవాళ్లు దానికి చేసే పని ఒక్కటే, శబ్దం పెంచడం. పెంచగానే గొంతుతో పాటు వెనకున్న సంగీతమూ పెరుగుతుంది. మాట మాత్రం మునుపటిలాగే అందకుండా ఉంటుంది.

పెద్దల చెవికి మాట అందాలంటే ఏం చేయాలన్న ప్రశ్నకు ప్రసార సంస్థలు, పరిశోధకులు నాలుగైదు దశాబ్దాలుగా మూడు జవాబులు చెబుతున్నారు. మాటను నెమ్మది చేయాలి, స్పష్టత పెంచాలి, నేపథ్య సంగీతం తగ్గించాలి. ఈ మూడూ నిజమే. అయితే మూడింటికీ ఒకే బలం లేదు. ఇంతవరకు జరిగిన పరిశోధనను వరసగా చూస్తే ఒక క్రమం తేలుతుంది. ముందు సంగీతం తగ్గాలి, ఆ తర్వాత ఉచ్చారణ తేటపడాలి, చివరగా వేగం తగ్గాలి. ఆ తగ్గింపు కూడా అక్షరాలను సాగదీయడం వల్ల కాకుండా వాక్యాల మధ్య విరామాల వల్ల రావాలి. మన దగ్గర చాలాచోట్ల జరిగేది దీనికి తలకిందులు. ఓడరేవు, నౌకా నిర్మాణం, ఉక్కు కర్మాగారం, తుపాను హెచ్చరికలు అన్నీ ఉన్న విశాఖపట్నాన్ని ముందు పెట్టుకుని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఏ అక్షరం ముందు జారిపోతుంది

వయసుతో వచ్చే చెవుడు అన్ని స్వరాలనూ ఒకే మోతాదులో తగ్గించదు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు ఒక వరసలో ఉంటాయి. పై స్థాయి స్వరాలను పట్టేవి ముందుగా దెబ్బతింటాయి, కింది స్థాయివి చాలాకాలం నిలుస్తాయి. ఆడియోగ్రామ్‌లో ఈ స్థితి ఎడమ నుంచి కుడికి జారే వాలుగా కనిపిస్తుంది. 500 హెర్ట్జ్ దగ్గర చెవి దాదాపు మామూలుగా పనిచేస్తుంది. 2000 దాటాక వాలు మొదలవుతుంది. 4000 దగ్గరికి వచ్చేసరికి లోటు బాగా లోతుగా ఉంటుంది.

మాటలోని బలం ఎక్కువ భాగం అచ్చుల్లో ఉంటుంది. ఆ బలం 1000 హెర్ట్జ్ లోపే కేంద్రీకరించి ఉంటుంది. అందుకే ‘గొంతు వినిపిస్తోంది’. అర్థాన్ని విడదీసే సమాచారం మాత్రం చాలావరకు హల్లుల్లో ఉంటుంది. అవి బలహీనమైనవి, క్షణికమైనవి. ‘స’కారపు ఊపిరి 4000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. చ, శ దానికి కాస్త కింద ఉంటాయి. తెలుగు దాదాపుగా అచ్చులతో ముగిసే భాష కాబట్టి మాట మొత్తం బాగా మోగుతూ ఉంటుంది. దానివల్ల వినేవారికి వినిపిస్తున్నదన్న నమ్మకం కలుగుతుంది, అసలు తేడా మాత్రం చేజారుతుంది. కాలు, పాలు, చాలు, తాలు అన్న నాలుగు మాటలను తీసుకుంటే వాటి మధ్య తేడా అంతా మొదటి హల్లు విచ్చుకునే సెకనులో వందో వంతు పాటి శబ్దంలో ఉంది. పాత, పాట అన్న జంటలో నాలుక ఎక్కడ తాకిందన్నది కొద్దిపాటి పై స్వరాలే చెబుతాయి. అచ్చులకూ ఈ చిక్కు తప్పదు. ‘ఈ’ని ‘ఊ’ నుంచి వేరు చేసే గుర్తు 2000 హెర్ట్జ్ పైన ఉంటుంది. అది పోతే నీరు, నూరు దగ్గరదగ్గరగా వినిపిస్తాయి.

తెలుగుకు మరో ప్రత్యేకత ఉంది. అటు, అట్టు, గుడి, గుడ్డి వంటి జంటల్లో ద్విత్వాన్ని గుర్తించేది హల్లు విడుదలకు ముందు నోరు మూసుకుని ఉండే వ్యవధి. ఆ వ్యవధిలో శబ్దం దాదాపు ఆగిపోతుంది. అంటే మన భాషలో అర్థం కొంతవరకు ఈ చిన్న నిశ్శబ్దాల పొడవు మీద ఆధారపడి ఉంది. వయసు పెరిగేకొద్దీ ఇలాంటి చిన్న ఖాళీలను గుర్తుపట్టే శక్తి కూడా తగ్గుతుంది. దానిపైన ఆ ఖాళీని తంబూరా శ్రుతో కీబోర్డు రాగమో నింపితే ద్విత్వానికి గుర్తు మిగలదు. నేపథ్య సంగీతం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరువకూడదు.

రెండు కారణాలు కలిసే ఊరు

వృత్తిలో రొద వల్ల వచ్చే చెవుడు కూడా ఇదే చోట దెబ్బ కొడుతుంది. ఇనుప రేకులను సుత్తులతో కొట్టే బాయిలర్ పనివారి చెవుల గురించి గ్లాస్గోలో థామస్ బార్ అనే వైద్యుడు 1886లోనే ప్రచురించాడు. వారిలో చాలామందికి సభల్లో, చర్చిల్లో ఉపన్యాసం అర్థం కావడం లేదని అతను గమనించాడు. రొద తెచ్చిన లోటు ఆడియోగ్రామ్‌లో మొదట 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య, సాధారణంగా 4000 దగ్గర ఒక గుంటగా కనిపిస్తుంది. వయసు వాలు వచ్చి ఆ గుంటలో కలిసినప్పుడు లోటు వెడల్పై కిందికి కూడా పాకుతుంది.

విశాఖ ఓడరేవు 1933లో తెరుచుకుంది. నౌకా నిర్మాణ కేంద్రం 1941లో మొదలైంది. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. రేకులు చెక్కడం, గాలి పనిముట్లు, కొలిమి ఊదే యంత్రాలు, రోలింగ్ మిల్లులు ప్రపంచంలో ఎక్కడైనా రొద పనులే. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. రొద వల్ల వచ్చే చెవుడు చట్టప్రకారం తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో ఉంది. 1980ల తొలి ఏళ్లలో ఇరవై, ఇరవై అయిదేళ్ల వయసులో ఇలాంటి పనుల్లో చేరినవారు ఇప్పుడు అరవై దాటారు. అరవై ఏళ్లు పైబడినవారిలో నాలుగో వంతు కంటే ఎక్కువ మందికి జీవితానికి ఆటంకమయ్యేంత వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పరిశ్రమల మీద బతికిన ఊళ్లలో ఆ సగటు మీద వృత్తి చెవుడు కూడా చేరుతుంది.

ఇలాంటి ఊరికి మాట చేరే దారులు కూడా గమనించాలి. విశాఖ ఆకాశవాణి కేంద్రం 1963 నుంచి మీడియం వేవ్‌లో పలుకుతోంది. మీడియం వేవ్ ప్రసారంలో సుమారు 4500 హెర్ట్జ్‌కు పైనున్న శబ్దం తెగిపోతుంది. పాత పద్ధతి ఫోన్ లైన్ 3400 దగ్గరే ఆగుతుంది. ఎఫ్‌ఎం 15000 దాకా మోస్తుంది. సన్నని టీవీల్లో స్పీకర్లు వెనక్కో కిందికో తిరిగి ఉంటాయి. వాటి శబ్దం గోడకు తగిలి గదిలో తిరిగి వినేవారిని చేరుతుంది. చెవి దగ్గరి లోటుకు దారిలోని లోటు కూడా తోడవుతుందన్నమాట. అందుకే మొదటి అడుగు స్టూడియోలోనే పడాలి.

మొదటిది: వెనక ఉన్నదాన్ని తగ్గించడం

నెదర్లాండ్స్‌కు చెందిన రైనియర్ ప్లాంప్ 1978లో చెవుడును రెండు భాగాలుగా చూడమని ప్రతిపాదించాడు. ఒకటి, శబ్దం తగ్గి వినిపించడం. రెండోది, వినిపించినా చెదిరి వినిపించడం. మొదటిదానికి శబ్దం పెంచడం మందు. రెండోదానికి అది పనిచేయదు. మాటకూ రొదకూ మధ్య తేడా పెంచితేనే మేలు కలుగుతుంది. ఈ తేడాలో చిన్న మార్పే పెద్ద ఫలితమిస్తుంది. మాట, రొద పోటాపోటీగా ఉన్న చోట ఒక్క డెసిబెల్ తేడాతో అర్థమయ్యే వాక్యాలు సుమారు 15 నుంచి 20 శాతం మారతాయని ప్లాంప్, మింపెన్ 1979లో చూపారు. దెబ్బతిన్న చెవికి ఆరోగ్యమైన చెవి కంటే కొన్ని డెసిబెల్స్ అదనపు తేడా కావాలి. మిక్సింగ్ గదిలో ఫేడర్‌ను కొద్దిగా కిందికి దించితే వచ్చే తేడా అది.

నేపథ్య సంగీతం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి సందుల్లోంచి మాట వినిపిస్తుంది కదా అన్న వాదన ఒకటుంది. యువకుల చెవికి ఇది నిజం. ఫెస్టన్, ప్లాంప్ 1990లో చేసిన ప్రయోగంలో ఆరోగ్యమైన చెవులు రొదలోని పల్లాలను బాగా వాడుకున్నాయి. దెబ్బతిన్న చెవులకు ఆ లాభం దాదాపు దక్కలేదు. అందువల్ల ఇరవై అయిదేళ్ల ఇంజనీరుకు ‘సమతూకంగా’ వినిపించే మిక్స్ డెబ్బై ఏళ్ల శ్రోతకు సంగీతంగానే మిగులుతుంది. దీనికి మరో కారణం కూడా ఉంది. ఆ ఇంజనీరు రాతప్రతి చదివి ఉంటాడు, అదే వాక్యాన్ని పదిసార్లు విని ఉంటాడు. అతని మెదడు లోటును నింపుకుంటుంది. శ్రోత దాన్ని మొదటిసారి, ఒక్కసారే వింటాడు.

బీబీసీలో 2011లో ఇది బయటపడింది. భౌతిక శాస్త్రవేత్త బ్రయన్ కాక్స్ చేసిన విశ్వం గురించిన ధారావాహికలో సంగీతం వ్యాఖ్యానాన్ని మింగేస్తోందని ప్రేక్షకులు ఫిర్యాదు చేశారు. బీబీసీ తర్వాతి భాగాలను మళ్లీ మిక్స్ చేయించింది. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే పరిశోధకులు పెద్దలకు, యువకులకు నప్పే సమతూకాలను విడివిడిగా కొలిచారు. పెద్దలకు నేపథ్యం మరికొన్ని డెసిబెల్స్ తగ్గాలని తేలింది. సల్ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బెన్ షిర్లీ బృందం సరౌండ్ ధ్వనిలో మాట ఉండే మధ్య ఛానల్‌ను యథాతథంగా ఉంచి పక్క ఛానళ్లను తగ్గించి చూసింది. వినికిడి లోపం ఉన్నవారికి మాట తేటపడింది. అదే విశ్వవిద్యాలయంతో కలిసి బీబీసీ 2019లో ‘క్యాజువాల్టీ’ అనే ఆసుపత్రి నాటకంలో ఒక భాగానికి శ్రోత చేతికే ఒక మీట ఇచ్చింది. దాన్ని ఒకవైపు జరిపితే అన్ని ధ్వనులూ ఉంటాయి, మరోవైపు జరిపితే మాటలూ కథకు అవసరమైన ధ్వనులూ మాత్రమే ముందుకు వస్తాయి. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ కలిసిపోయిన ధ్వనిలోంచి మాటను విడదీసే పద్ధతిని ప్రసార సంస్థలతో కలిసి 2020లో పరీక్షించింది. పాత రికార్డింగులకు అది దారి చూపుతుంది. కానీ విడదీతలో గొంతు కొంత గరుకుబారే ప్రమాదం ఉంది. కొత్త కార్యక్రమాలకు మాటను, సంగీతాన్ని వేర్వేరు ట్రాకులుగా దాచిపెట్టుకోవడమే మేలైన మార్గం.

ఇక్కడ పనిచేసేవారికి ఉపయోగపడే రెండు వివరాలు చెప్పాలి. చాలా స్టూడియోల్లో గొంతు వచ్చినప్పుడు సంగీతం దానంతటదే తగ్గి, గొంతు ఆగగానే పెరిగే ఏర్పాటు వాడతారు. అది తొందరగా పెరిగేలా పెడితే వాక్యాల మధ్య విరామం సంగీతంతో నిండిపోతుంది. వృద్ధ శ్రోత విన్నదాన్ని సర్దుకునే సమయం అదే. కాబట్టి తిరిగి పెరిగే సమయాన్ని వాక్యాల మధ్య విరామం కంటే ఎక్కువగా, రెండు మూడు సెకన్లు పెట్టుకోవాలి. రెండో వివరం వాద్యం ఎంపిక. నాదస్వరం, వయొలిన్ వంటివి సరిగ్గా హల్లులుండే 1000–4000 హెర్ట్జ్ పట్టీలో బలంగా పలుకుతాయి. మోత పుట్టించే డ్రమ్ము కింది స్థాయిలో ఉంటుంది కదా అనుకోకూడదు. బలమైన కింది స్వరాలు తమకంటే పైనున్న స్వరాలను కమ్మేస్తాయి, దెబ్బతిన్న చెవిలో ఆ కమ్మడం ఇంకా ఎక్కువ. గాత్రం ఉన్న పాటను మాట వెనక పెట్టడం అన్నిటికన్నా చెడ్డది. అక్కడ చెవితో పాటు ధ్యాస కూడా రెండుగా చీలుతుంది.

రెండోది: స్పష్టత పలకడంలో పుడుతుంది

అమెరికాలోని ఎంఐటీలో పిషెనీ, డర్లాక్, బ్రైడా 1985లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే వాక్యాలను ఒకసారి మామూలు సంభాషణ ధోరణిలో, ఇంకోసారి చెవుడున్నవారికి చెబుతున్నట్టు జాగ్రత్తగా పలికించారు. వినికిడి లోపం ఉన్న శ్రోతలకు జాగ్రత్తగా పలికినప్పుడు సగటున 17 శాతం పాయింట్లు ఎక్కువ అర్థమైంది. ధ్వని పరికరం ఏదీ మారలేదు. మారింది మనిషి పలికిన తీరు మాత్రమే. తర్వాతి విశ్లేషణలో ఆ తీరులో ఏముందో తేలింది. పదాంత హల్లులను మింగకపోవడం, అచ్చులను వాటి పూర్తి స్థానం దాకా తీసుకెళ్లడం, హల్లుల శబ్దాన్ని బలంగా వదలడం, విరామాలు ఎక్కువగా ఇవ్వడం.

తెలుగులో ఈ జాగ్రత్తలు ఎక్కడ పడాలో చెప్పవచ్చు. వేగంగా చదివేటప్పుడు ముందుగా పోయేవి పదం మధ్య పొట్టి అచ్చులు. ‘కిలోమీటర్ల’ నడుమ నలిగిపోతుంది, ‘అధికారులు’ చివర మసకబారుతుంది. క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి ఊపిరి అయిపోయే చోటే అసలు విషయం ఉంటుంది. అవును, కాదు అన్న తేడా మన వాక్యంలో ఆ చివరి రెండు మూడు అక్షరాల్లో తేలుతుంది. చదివేవారు వాక్యం చివర గొంతు దించడం అలవాటు. పెద్దల కోసం చదివేటప్పుడు ఆ దింపడాన్ని ఆపాలి.

పలకడం సరిగ్గా ఉన్నాకే పరికరం వంతు వస్తుంది. మైకుకూ నోటికీ మధ్య దూరం సగం చేస్తే గది ప్రతిధ్వనితో పోలిస్తే గొంతు 6 డెసిబెల్స్ ముందుకు వస్తుంది. ఇంత లాభం ఏ ఖరీదైన పెట్టె నుంచీ రాదు. ఆ తర్వాత ఈక్వలైజర్‌తో 100 హెర్ట్జ్‌కు కింద ఉన్న మోతను తీసేసి, 2000–4000 మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ పెంచవచ్చు. అంతకు మించితే ‘స’ చెవిలో గుచ్చుకుంటుంది. దెబ్బతిన్న చెవికి ఒక విచిత్ర లక్షణం ఉంది. చిన్న శబ్దం వినిపించదు, కాస్త పెద్దదైతే భరించలేనిదవుతుంది. మధ్యనున్న వెసులుబాటు ఇరుకు. అందుకే గొంతులోని హెచ్చుతగ్గులను కొంత సమం చేసే కంప్రెసర్ ఉపయోగపడుతుంది. మితిమీరితే ఊపిరి, ఫ్యాను రొద, గది మోత కూడా పైకి తేలి లాభం పోతుంది. వాక్యాల మధ్య ఫ్యాను శబ్దం పొంగి వస్తున్నట్టు వినిపిస్తే కంప్రెసర్ ఎక్కువైందని గుర్తు.

మూడోది: నెమ్మది అంటే సాగదీత కాదు

నెమ్మదిగా చదవడం మన రేడియోకు కొత్త కాదు. టెలిప్రింటర్ లేని చిన్న పత్రికలు రాసుకోవడానికి వీలుగా ఆకాశవాణి ఒకప్పుడు వార్తలను డిక్టేషన్ వేగంతో చదివేది. కానీ చేతిరాత కోసం నెమ్మది వేరు, చెవి కోసం నెమ్మది వేరు.

ఎంఐటీ ప్రయోగంలో జాగ్రత్తగా పలికిన మాట వేగం మామూలు మాట వేగంలో సుమారు సగం ఉంది. అయితే లాభం నెమ్మది వల్లే వచ్చిందా అన్న అనుమానం సహజం. ఉకాన్‌స్కీ బృందం 1996లో దీన్ని పరీక్షించింది. మామూలు మాటను యంత్రంతో సాగదీసి నెమ్మది చేస్తే మేలు జరగలేదు. క్రాస్, బ్రైడా 2002లో మరో అడుగు వేశారు. శిక్షణ ఇస్తే మనుషులు మామూలు వేగంతోనే స్పష్టంగా పలకగలరని, ఆ స్పష్టత లాభాన్నిస్తుందని చూపారు. అంటే మింగేసిన హల్లును ఎంత సాగదీసినా అది తిరిగి రాదు.

అలాగని వేగానికి ప్రాధాన్యం లేదనలేం. వేగం పెరిగితే యువకుల కంటే పెద్దలే ఎక్కువ నష్టపోతారని గోర్డన్-సాలంట్, ఫిట్జ్‌గిబ్బన్స్ చేసిన పరిశోధనలు పదేపదే చూపాయి. ఆ నష్టాన్ని ఎలా పూడ్చాలన్న ప్రశ్నకు ఆర్థర్ వింగ్‌ఫీల్డ్ బృందం 1999లో మంచి జవాబిచ్చింది. వేగం పెంచిన ప్రసంగంలో పదబంధాలు, వాక్యాలు ముగిసే చోట ఖాళీ సమయం చేర్చారు. పెద్దలు పోగొట్టుకున్నదాంట్లో చాలా భాగం తిరిగి పొందారు. వేగం మరీ ఎక్కువైనప్పుడు మాత్రం పూర్తిగా పొందలేకపోయారు. అర్థం తెగని చోట పెట్టిన ఖాళీలు అంతగా ఉపయోగపడలేదు. మెదడుకు కావలసింది విన్న ముక్కను పక్కన పెట్టుకునే వ్యవధి అని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎన్‌హెచ్‌కే వేరే దారి పట్టింది. ప్రసారం సమయం పెరగకూడదు కాబట్టి వాక్యం మొదట్లో మాటను బాగా నెమ్మది చేసి, క్రమంగా మామూలు వేగానికి తెచ్చి, ఆ అదనపు సమయాన్ని విరామాలను కుదించి రాబట్టుకునే పద్ధతి తయారుచేసింది. ఈ సౌకర్యమున్న రేడియోలు, టీవీలు 2000 దశకంలో జపాన్ బజారులోకి వచ్చాయి. వాక్యారంభం నెమ్మదైతే మొత్తం నెమ్మదైనట్టు అనిపించి శ్రోతకు తొందర తగ్గుతుంది. కానీ ఇందులో ఖర్చయ్యేది విరామం. వింగ్‌ఫీల్డ్ ఫలితం దాన్నే కాపాడమంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రత్యక్ష ప్రసారంలో, శ్రోత చేతిలో ఉండే మీటగా జపాన్ పద్ధతి పనికొస్తుందని చెప్పవచ్చు. ముందే రాసుకుని చదివే ప్రసంగంలో విరామాన్ని పెంచడమే మేలు. తెలుగుకు ఇది మరింత వర్తిస్తుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. అక్కడికి చేరేసరికి వేగం పెరిగి, వెంటనే విరామం కుదించుకుపోతే ముఖ్యమైనదానికే కోత పడుతుంది. ఫోన్‌లో వినేటప్పుడు వేగం తగ్గించుకునే సదుపాయంలో 0.9 దాకా తగ్గిస్తే గొంతు సహజంగానే ఉంటుంది. 0.75 దగ్గర అచ్చులు సాగి, హల్లులు అరిగినట్టు వినిపిస్తాయి.

ఒక తుపాను హెచ్చరికను విప్పి చూస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. విద్యుత్తు, సెల్‌ఫోన్ సేవలు దెబ్బతిన్నాయి. అలాంటి రోజున బ్యాటరీ రేడియో, వీధి మైకు మాత్రమే మిగులుతాయి. అలాంటి సమయాల్లో వచ్చే హెచ్చరికలను దృష్టిలో పెట్టుకుని ఉదాహరణ కోసం రాసుకున్న వాక్యం ఇది:

‘పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం విశాఖపట్నానికి ఆగ్నేయంగా మూడు వందల ఇరవై కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై, గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో వాయవ్య దిశగా కదులుతూ, రానున్న ఇరవై నాలుగు గంటల్లో తుపానుగా బలపడే అవకాశం ఉన్నందున మత్స్యకారులు వేటకు వెళ్లరాదని అధికారులు హెచ్చరించారు.’

ఇందులో సుమారు 130 అక్షరాలున్నాయి. సెకనుకు ఏడు అక్షరాల వేగంతో చదివితే 18 సెకన్లు పడుతుంది. మధ్యలో పూర్తి విరామం ఎక్కడా లేదు. ఎవరు ఏం చేయాలన్నది చివరి మూడు సెకన్లలో ఉంది. ‘వెళ్లరాదని’ మసకబారితే ‘వెళ్లారని’ అనిపించవచ్చు. దాన్ని ‘వెళ్లవద్దు’గా మార్చినా చిక్కు తీరదు, ఎందుకంటే అది ‘వెళ్లవచ్చు’కు చాలా దగ్గర. ఈ రెంటినీ విడదీసేది ద్ద, చ్చ మాత్రమే. ‘చ్చ’లోని ఊపిరి శబ్దం సరిగ్గా చెవి పోగొట్టుకున్న పట్టీలో ఉంది. ‘ద్ద’లో మూసిన నోటి వెనక సాగే సన్నని గొంతు కింది స్థాయిలో ఉంటుంది, దాన్ని నేపథ్య సంగీతం కప్పేస్తుంది. ‘ఇరవై’, ‘అరవై’ అన్న అంకెలకూ అదే గండం.

ఇప్పుడు అదే సమాచారాన్ని ఇలా మార్చవచ్చు:

‘మత్స్యకారులు వేటకు వెళ్లకూడదు. విశాఖపట్నానికి ఆగ్నేయంగా సముద్రంలో తీవ్ర వాయుగుండం ఉంది. దూరం మూడు వందల ఇరవై కిలోమీటర్లు. మూడు, రెండు, సున్నా. అది గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోంది. రేపటికల్లా తుపానుగా మారవచ్చు.’

ఇందులో సుమారు 93 అక్షరాలున్నాయి. సెకనుకు అయిదు అక్షరాల చొప్పున చదివితే 19 సెకన్ల లోపే అయిపోతుంది. అయిదు చోట్ల ముప్పావు సెకను చొప్పున విరామమిస్తే మొత్తం 22 నుంచి 23 సెకన్లు. మొదటి వాక్యాన్ని అలాగే ఉంచి యంత్రంతో నాలుగో వంతు సాగదీసినా అంతే సమయం పట్టేది. ఖర్చు ఒకటే. తిరగరాసినదాంట్లో ముఖ్యమైన మాట ముందుకు వచ్చింది, అంకె రెండు విధాలుగా చెప్పడం జరిగింది, ‘వెళ్లకూడదు’ అన్న మాట ‘వెళ్లవచ్చు’తో కలవకుండా నిలిచింది. సాగదీసినదాంట్లో పాత చిక్కులన్నీ నెమ్మదిగా వినిపిస్తాయి. ఇలాంటి ప్రసంగం వెనక సంగీతం అసలు ఉండకూడదు. ముందు ఒక గుర్తు ధ్వని వచ్చి, పూర్తిగా ఆగి, ఒక సెకను తర్వాత మాట మొదలవ్వాలి.

రైల్వే స్టేషన్, బస్ కాంప్లెక్స్, కల్యాణ మండపం వంటి చోట్ల మరో అడ్డంకి ఉంది. గట్టి గోడల మధ్య ఒక అక్షరం మోత తర్వాతి అక్షరం మీద పడుతుంది. అక్కడ శబ్దం పెంచితే మోత కూడా పెరుగుతుంది. ఒక పెద్ద స్పీకర్‌కు బదులు దగ్గరదగ్గరగా చిన్న స్పీకర్లు పెట్టి తక్కువ శబ్దంతో వాడటం, చిన్న వాక్యాలు చెప్పి మోత చల్లారే దాకా ఆగడం మేలు చేస్తాయి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

‘అర్థమైందా?’ అని అడిగితే పెద్దలు మర్యాదకు తల ఊపుతారు. దాన్ని కొలతగా తీసుకోకూడదు. సందర్భాన్నిబట్టి ఊహించలేని వాక్యాలు కావాలి. ఊరిపేరు, అంకె, అవును కాదు తేడా ఉండాలి. విన్నవారిని తిరిగి చెప్పమని అడగాలి. పది వాక్యాలు సంగీతంతో, వేరే పది సంగీతం 6 డెసిబెల్స్ తగ్గించి, మరో పది సంగీతం లేకుండా వినిపించి సరిగ్గా తిరిగి చెప్పిన పదాలను లెక్కించాలి. ఒక విడతకు ఒకే మార్పు చేయాలి. ఒకే వాక్యాన్ని రెండోసారి వాడితే గుర్తుండటం వల్ల ఫలితం తప్పుతుంది. వినిపించేది స్టూడియో స్పీకర్లలో కాకుండా మామూలు టీవీ, చిన్న రేడియో, ఫోన్ మీద కావాలి, ఫ్యాను తిరుగుతుండాలి. శ్రోతలకు ముందుగా చెవి పరీక్ష చేయిస్తే ఏ వాలుకు ఏ మార్పు పనిచేసిందో కూడా తేలుతుంది. విశాఖలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, రేడియో కేంద్రం మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి తెలుగులో ఇలాంటి కొలతకు ఇది అనువైన చోటు. పైన చెప్పిన ఫలితాలన్నీ ఇంగ్లిషు, డచ్చి, జర్మన్, జపనీస్ మాటల మీద వచ్చినవి. ద్విత్వాలు, దీర్ఘాలు, క్రియాంత వాక్యాలు ఉన్న మన భాషలో మోతాదులు కొంత మారవచ్చు.

హద్దులు కూడా చెప్పుకోవాలి. కేంబ్రిడ్జ్‌లో బ్రయన్ మూర్ చూపినట్టు కొందరి చెవిలో పై స్వరాల కణాలు పూర్తిగా చచ్చిపోయిన ప్రాంతాలుంటాయి. అక్కడ ఎంత పెంచినా అర్థం పెరగదు, అసౌకర్యం పెరుగుతుంది. వారికి తెర మీద తెలుగు అక్షరాలే దారి. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికీ సంగీతం తగ్గించిన మిక్స్ అవసరమే, ఎందుకంటే యంత్రం మాటను, సంగీతాన్ని రెండింటినీ పెంచుతుంది. నాటకంలో, పాటల కార్యక్రమంలో సంగీతానికి తన స్థానం ఉంది. దాన్ని తీసేయమని ఎవరూ అడగడం లేదు. మాట నడిచేటప్పుడు పక్కకు తప్పుకోవాలని మాత్రమే కోరిక.

ఈ సమీక్షలో తేలిన క్రమానికి ఒక ఆచరణ కారణం కూడా ఉంది. వేగాన్ని శ్రోత తన ఫోన్‌లో తగ్గించుకోగలడు. పై స్వరాలను కొంతవరకు తన టీవీలో పెంచుకోగలడు. ఒకసారి మాటలో కలిపేసిన సంగీతాన్ని మాత్రం ఇంట్లో కూర్చున్న పెద్దాయన విడదీయలేడు. మింగేసిన హల్లును తిరిగి తేలేడు. ఆ రెండూ స్టూడియోలో, మైకు ముందు, రాసేవారి చేతిలోనే ఉన్నాయి. సంగీతం ఫేడర్‌ను దించడానికి, వాక్యాన్ని రెండుగా విరవడానికి కొత్త పరికరం కొననక్కర్లేదు. అవి రేపటి బులెటిన్‌తోనే మొదలుపెట్టగల పనులు, ముందుగా తుపాను హెచ్చరికలతో మొదలుపెట్టవలసిన పనులు.